రీల్‌లో 'పెయిడ్ పార్ట్‌నర్‌షిప్' అని ఎలా రాయించాలి? బ్రీఫ్ చూసి చెప్పండి

అందరికీ నమస్తే. కొత్తపేటలో మాకు చిన్న చీరల షాపు ఉంది. బతుకమ్మ, దసరాకి తెప్పించిన గద్వాల చీరల కోసం ఒక అమ్మాయితో 45 సెకన్ల రీల్ చేయిస్తున్నాం. డబ్బుతో పాటు ఒక చీర కూడా ఇస్తున్నాం. ఇలాంటి బ్రీఫ్ రాయడం నాకు ఇదే మొదటిసారి.

చీర గురించి రాయడం తేలికే అయింది. ఒళ్లంతా కాటన్, అంచూ కొంగూ పట్టు. అందుకే 'ప్యూర్ సిల్క్' అనే మాట ఎక్కడా రాకూడదన్నాను. అంచు అతికిన చోటును దగ్గరగా చూపించమన్నాను.

చిక్కంతా డిస్‌క్లోజర్ దగ్గరే. లేబుల్ పెడితే రీచ్ పడిపోతుందని, కింద హ్యాష్‌ట్యాగుల చివర #ad పెడతానని ఆమె అంటోంది. నాకది నచ్చలేదు. అక్కడిదాకా ఎవరు చదువుతారు? పైగా ప్రకటనల రంగం స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ మార్గదర్శకాల ప్రకారం 15 సెకన్లు దాటి 2 నిమిషాల లోపు ఉన్న వీడియోలో మూడో వంతు సేపు లేబుల్ కనిపించాలి. అంటే మా రీల్‌లో 15 సెకన్లు.

నేను రాసింది ఇది: "ఇన్‌స్టాగ్రామ్‌లోని Paid partnership లేబుల్ ఆన్ చేయాలి. రీల్ మొదటి ఫ్రేమ్ నుంచి 15 సెకన్లు 'ప్రకటన: ఈ వీడియోకి షాపు నాకు డబ్బు, చీర ఇచ్చింది' అని తెర మీద ఉండాలి. క్యాప్షన్ మొదటి లైన్‌లోనూ అదే మాట రావాలి. పోస్ట్ చేసే ముందు మాకు చూపించాలి."

రీల్‌ని స్టోరీలో పెట్టినప్పుడు లేబుల్ మళ్లీ వేయాలని విడిగా రాయాలా? పెట్టాక ఆమె లేబుల్ తీసేస్తే మిగతా డబ్బు ఆపుతామని రాస్తే మరీ కఠినంగా ఉంటుందా? ఇలాంటివి చేయించినవాళ్లు చెప్పండి, ప్లీజ్.