అర్థం తప్పినా చక్కగా చదివించే అనువాదానికి ఎక్కువ మార్కులు రావచ్చా?

వాణి_మాస్టారు (ప్రశ్న): అనువాద తరగతిలో మందు పొట్లంతో వచ్చే సూచనల కాగితాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేయమని ఇచ్చాను. అర్థానికి 50, ధారాళతకు 30, స్వరానికి 20 మార్కులు. చిన్న తప్పుకు 2, పెద్ద తప్పుకు 10 కోత. మూలంలో ఉన్న విషయం ఇది: ‘వీలైతే తిన్నాక వేసుకోవాలి. మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి. దద్దుర్లు వస్తే డాక్టరుకు చూపించుకోవాలి.’

మొదటి విద్యార్థి: ‘ఒక డోసు వేసుకున్నాక ఆరు గంటల్లోపే రెండోది వేసుకోండి. ఒంటిమీద దద్దుర్లు కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.’ తిన్నాక వేసుకోమన్న మాట వదిలేశాడు. మిగతా పేజీ అంతా హాయిగా ఉంది. 38, 28, 18. మొత్తం 84.

రెండో విద్యార్థి: ‘ఈ మందు ఆహారం తర్వాత తీసుకోబడవలెను. రెండు మోతాదుల నడుమ కనీసం ఆరు గంటల వ్యవధి పాటించబడవలెను. దద్దుర్లు కనబడినచో నీ వైద్యుణ్ణి సంప్రదించండి.’ పేజీ పొడుగునా ఇదే ధోరణి. 46, 14, 8. మొత్తం 68.

నాతో పాటు దిద్దే ఆవిడ మొదటివాణ్ణి ఫెయిల్ చేయాల్సిందేనంటున్నారు. పట్టిక ప్రకారం అతనే ముందున్నాడు. లోపం పట్టికలో ఉందా, మేం వేసిన మార్కుల్లో ఉందా?

కొలబద్ద: పట్టికలోనే ఉందండీ. మందు కాగితానికి అర్థం సగం మార్కులే అంటే ఎలా? 70, 20, 10 చేయండి, సమస్య తీరిపోతుంది. కథకైతే స్వరానికి ఎక్కువ పెట్టుకోండి. పాఠాన్ని బట్టి వాటాలు మారాలి, అంతే.

నదీతీరం: నాకూ ఇలాగే జరిగింది. నేను చేసిన కథ అనువాదంలో ఒక ముసలాయన మాటల్ని మాండలికంలో పెట్టాను. మూలంలోనూ ఆయనది యాసే. ‘ప్రామాణిక భాష కాదు’ అని ధారాళతలో మార్కులు కోశారు, ‘అనుచిత స్వరం’ అని మళ్లీ అక్కడా కోశారు. దిద్దేవాళ్లకు నచ్చిన తెలుగే తెలుగా? అసలు స్వరానికి మార్కులు వేయగలమనుకోవడమే తప్పనిపిస్తుంది నాకు. చదివేవాళ్ల మనసు తీరును బట్టి మారేదాన్ని అంకెల్లో ఎలా పెడతారు?

ఎర్రసిరా: కొలబద్ద గారూ, వాటాలు మార్చాలన్న మాట సబబే, కానీ లెక్క కట్టి చూడండి. మొదటివాడికి అర్థంలో 50కి 38 అంటే 70కి 53. ధారాళత 20కి దాదాపు 19, స్వరం 10కి 9. మొత్తం 81. రెండో అతనికి 64, 9, 4 కలిపి 77 చిల్లర. ఇంత మార్చినా మొదటివాడే ముందు. కారణం ఏమిటంటే, ప్రాణం మీదికి తెచ్చే తప్పుకూ మామూలు పెద్ద తప్పుకూ మీ పట్టికలో ఒకటే ధర, 10. వాటా ఎంత పెంచినా ఆ ధర మిగతా పేజీలో కలిసిపోతుంది.

అందుకే చాలా పద్ధతుల్లో తప్పు బరువుకు మెట్లు ఉంటాయి. అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ సర్టిఫికేషన్ పరీక్షలో ఒక్కో తప్పుకు 1, 2, 4, 8, 16 పాయింట్లు పడతాయి, మొత్తం 18కి చేరితే ఫెయిల్. అంటే ఘోరమైన తప్పు ఒక్కటే ఉంటే అంచు మీద నిలబడతారు, పక్కన ఇంకో 2 పాయింట్ల తప్పు చేరితే పడిపోతారు. మీ పట్టికలో మెట్లు రెండే.

మెట్టు నిర్ణయించడానికి నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ వాక్యం చదివిన మనిషి ఏం చేస్తాడు? ‘కనీసం ఆరు గంటలు’ అన్నది ‘ఆరు గంటల్లోపే’ అయితే చదివినవాడు తొందరపడి రెండో డోసు వేసుకుంటాడు. అది ప్రమాదకరమైన తప్పు. ‘వీలైతే తిన్నాక’ అన్నది వదిలేస్తే కొందరు ఖాళీ కడుపుతో వేసుకుంటారు. అది చిన్నది. అదే మాటను రెండో అతను ‘తీసుకోబడవలెను’ అని నిబంధనగా మార్చాడు, అదీ చిన్నదే. ప్రమాదకరమైన తప్పు ఉన్న కాగితానికి అర్థంలో 25కు మించి వేయకూడదనీ, అర్థంలో 30 రాకపోతే మొత్తం ఎంతొచ్చినా పాస్ కాదనీ ముందే రాసిపెట్టండి. అప్పుడు మొదటివాడికి 25, 28, 18 వస్తాయి. 71 వచ్చినా పాస్ కాడు.

నదీతీరం గారూ, మీ కాగితంలో జరిగింది ఒకే విషయానికి రెండు కోతలు. దాని గురించి వేరుగా రాస్తాను, ఎందుకంటే వాణి గారి రెండో విద్యార్థికీ అదే జరిగిందని నా అనుమానం. వాణి గారూ, అతని ధారాళతలో పోయిన 16, స్వరంలో పోయిన 12 ఎందుకు పోయాయో విడివిడిగా చెప్పగలరా?

వాణి_మాస్టారు: ధారాళతలో ఎనిమిది చిన్న తప్పులు. వాటిలో ఆరు ‘బడవలెను’లే. మిగతా రెండు అన్వయం కుదరని వాక్యాలు. స్వరంలో, ‘నీ వైద్యుణ్ణి సంప్రదించండి’ లాంటివి రెండు చోట్ల, వాటికి 4. కాగితమంతా బిగుసుకుపోయిందని 8.

ఎర్రసిరా: ఆ బిగుసుకుపోవడం ఎక్కణ్ణుంచి వచ్చింది? ‘బడవలెను’ నుంచే కదా. ఆ ఒక్క అలవాటుకే అక్కడ 12, ఇక్కడ 8 పోయాయి. తప్పు ఒక్కటైతే గడి ఒక్కటే ఉండాలి. ‘తీసుకోబడవలెను’ తెలుగు నడకకు పొసగదు, మనుషులు అలా అనరు, కాబట్టి ధారాళతలోనే ఉంచండి. ‘నీ’ అని పిలిచి ‘అండి’తో ముగించడం మాత్రం స్వరం. ఎదుటి మనిషిని ఏ గౌరవంతో పలకరిస్తున్నామో తేల్చుకోకపోవడం అది. నదీతీరం గారి సందేహానికి నా జవాబు కూడా ఇక్కడే ఉంది. స్వరం అంటే మన రుచి అని వదిలేస్తే మార్కులు వేయలేం. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఆ గౌరవం చివరిదాకా నిలబడిందా అని అడిగితే కాగితం మీద వేలుపెట్టి చూపించవచ్చు. మీ కథలో ముసలాయనకు మూలంలోనూ యాస ఉంటే అది స్వరంలో మార్కు తెచ్చేదే.

ఇక ఆరు ‘బడవలెను’లను ఆరు తప్పులుగా కాక ఒక అలవాటుగా లెక్కించి 4 కోయండి. ధారాళత 22, స్వరం 16, అర్థం 46. మొత్తం 84. మీ మొదటి విద్యార్థికి ముందు వచ్చిన అంకే ఇది!

ప్రశాంతి: ఇక్కడ నేను ఒప్పుకోను. నా పని అనువాదాలు దిద్దడం. మొదటి కాగితం నా చేతికొస్తే ‘లోపే’ కొట్టేసి ‘తర్వాతే’ అని రాస్తాను, అరనిమిషం. రెండోది వస్తే పేజీ మొత్తం తిరగరాయాలి. పని చేయించుకునేవాళ్లకు ఎవరు ఖరీదు? పైగా ఆరుసార్లు వచ్చిన తప్పును ఒకటిగా లెక్కిస్తే చదివే రోగి ఆరుసార్లు తట్టుకున్న సంగతి ఏమైనట్టు? అలాంటి కాగితాన్ని సగంలో పక్కన పడేసేవాళ్లు ఉంటారు. చదవని కాగితంలో అర్థం ఎంత సరిగా ఉంటే ఏం లాభం?

ఇంకో మాట. ఇది తరగతిలో అభ్యాసం. ఒక్క మాట తడబడ్డందుకు ఇంత బాగా రాయగల పిల్లాణ్ణి ఫెయిల్ చేస్తే ఈసారి వాడు భయంతో మాటకు మాట పేర్చుకుంటూ పోతాడు. రెండో విద్యార్థిలా తయారవుతాడు.

ఎర్రసిరా: దిద్దే సమయం గురించి మీరన్నది నిజం, కానీ ఆ అరనిమిషం తప్పు కంటపడ్డాకే మొదలవుతుంది. ‘ఆరు గంటల్లోపే రెండోది వేసుకోండి’ అన్న వాక్యం ఎక్కడా తట్టదు. మూలం పక్కన పెట్టుకుని చూస్తే తప్ప ఎవరికీ అనుమానం రాదు. ‘పాటించబడవలెను’ దగ్గర ప్రతివాడూ ఆగుతాడు, ఆగి అయినా సరైన అర్థమే తీసుకుంటాడు. చక్కగా నడిచే వాక్యంలోని తప్పుకు ఎక్కువ బరువు వేయమనడానికి నా కారణం ఇదే.

దిద్దేవాళ్లూ ఇక్కడే దొరికిపోతారు. బాగా చదివించే కాగితానికి అర్థంలో కూడా తెలియకుండా చేయి ఉదారమవుతుంది. అందుకని నేను రెండు విడతలుగా దిద్దుతాను. మొదట మూలం మూసేసి తెలుగు ఒక్కటే చదివి ధారాళత, స్వరం గడులు నింపుతాను. మూలం ముందే చదివేస్తే అన్వయం కుదరని వాక్యాన్ని కూడా నా బుర్రే సర్దేసుకుంటుంది. తర్వాత మూలం తెరిచి వాక్యానికి వాక్యం పోల్చుతాను. అంకెలు, ‘కనీసం’, ‘మించి’, ‘తప్ప’, ‘లోపు’, కాదు, వద్దు అన్న చోట్ల వేలు పెట్టి మరీ చూస్తాను. ప్రమాదకరమైన తప్పులు ఎక్కువగా దాక్కునేది ఆ చిన్న మాటల్లోనే.

ఆరుసార్ల తప్పు ఒకటా ఆరా అన్నది మాత్రం మీరన్నంత తేలిక కాదు, నేనన్నంత తేలికా కాదు. విద్యార్థికి తెలియనిది ఒక్కటే, చదివేవాడికి తగిలింది ఆరుసార్లు. పరీక్ష మనిషిని కొలుస్తోందా, కాగితాన్ని కొలుస్తోందా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

కొలబద్ద: లెక్క చూశాక వాటాల మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ 25 దగ్గర గీత గీస్తే, ప్రమాదకరమైన తప్పు ఒకటి చేసినవాడికీ మూడు చేసినవాడికీ తేడా ఉండదు కదా?

ఎర్రసిరా: ఉంటుందండీ. 25 పైకప్పు మాత్రమే. కోతలు ఎప్పటిలాగే పడతాయి, మూడు చేసినవాడు ఇంకా కిందికి దిగుతాడు. ఒకటి చేసినవాడు దాన్ని దాటి పైకి పోలేడు, అంతవరకే.

నదీతీరం: స్వరం గురించి మీరు చెప్పింది మందు కాగితానికి సరిపోతుంది. కథలో మాట్లాడేది ఒక్కరు కాదు. కథకుడికో గొంతు, పాత్రలకో గొంతు. 20 మార్కులు వాళ్ల మధ్య ఎలా పంచుతారు? ఇది నాకింకా తేలలేదు.

వాణి_మాస్టారు: రెండో విద్యార్థికి రెండు గడుల్లో పడిన కోతను సవరిస్తాను, అది ఇద్దరం ఒప్పుకున్నాం. ప్రమాదకరమైన తప్పుకు పైకప్పు వచ్చే అభ్యాసం నుంచి పెడతాం. పట్టిక ముందే చేతికిచ్చి, ‘మందు, డబ్బు, గడువు ఉన్న పాఠాలకే ఇది’ అని పైన రాస్తాం. ఈసారి కాగితాలకు పెట్టను. ముందు చెప్పని నిబంధనతో ఫెయిల్ చేయడం నాకు ఇష్టం లేదు. ఆవిడ మాత్రం ‘మందు కాగితంలో కనీసం అన్న మాట తప్పకూడదని విడిగా చెప్పాలా?’ అంటున్నారు. మొదటి విద్యార్థి మార్కుల మీద ఇద్దరం ఇంకా ఒక మాట మీదికి రాలేదు. ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, ఇది చదివిన మనిషి ఏం చేస్తాడో పక్కన రాసుకురమ్మని కాగితం తిరిగి ఇచ్చాను.

ప్రశాంతి: అలాగే రెండో అతని చేత కూడా ఆ ఆరు వాక్యాలు పైకి చదివించండి. ఇంట్లో పెద్దవాళ్లకు మందు ఎలా వేసుకోవాలో చెబుతున్నట్టు అవే విషయాలు నోటితో చెప్పించి, అది రాసుకోమనండి. అప్పటికీ ‘బడవలెను’ వదలకపోతే నేను ఆరు తప్పులుగానే లెక్కిస్తాను.