మండువా ఇంటి అట్ట నమూనాలో ఎండ గీత లెక్కతో కలవడం లేదు

పర్లాకిమిడి నుంచి ప్రశ్న:
మాది 30 అడుగుల వెడల్పు, ఉత్తర దక్షిణాలుగా 60 అడుగుల పొడవు ఉన్న స్థలం. రెండు వైపులా పొరుగు గోడలే కాబట్టి ఇంటికి వెలుతురు రావలసింది నడుమ ఉన్న మండువా నుంచే. మండువా 10 అడుగులకు 10 అడుగులు. దానికి దక్షిణాన రెండు అంతస్తులు, పిట్టగోడతో కలిపి 23 అడుగుల ఎత్తు. చలికాలంలో ఎండ ఎంత లోపలికి దిగుతుందో ప్లాను ఖరారు కాకముందే చూడాలని, ఐదు పొరల డబ్బా అట్టతో అడుగుకు 6 మిల్లీమీటర్ల చొప్పున నమూనా కట్టాను. కాగితం మీద లెక్క వేస్తే డిసెంబరు మిట్టమధ్యాహ్నం ఎండ గీత ఉత్తర గోడపై 12 అడుగుల ఎత్తున పడాలి. ఫోను టార్చిని 48 డిగ్రీల కోణంలో పట్టుకుని చూస్తే ఒకసారి 13, మరోసారి 16 వస్తోంది. ఏది నమ్మాలో తెలియడం లేదు.

రాయగడ నుంచి:
తప్పు టార్చిదేనండీ. సూర్యకిరణాలు సమాంతరంగా వస్తాయి, టార్చి కాంతి విసనకర్రలా విచ్చుకుంటుంది. మీ నమూనా పొడవు 36 సెంటీమీటర్లు ఉంటుంది కదా, మీటరు దూరం నుంచి వెలుగు వేస్తే ఒక కొసకూ మరో కొసకూ కోణంలో ఇంచుమించు 15 డిగ్రీల తేడా వస్తుంది. టార్చి పక్కనపెట్టి ఎండలో చూడండి, లెక్క దానంతట అదే కలుస్తుంది. అయితే దానికి డిసెంబరు దాకా ఆగక తప్పదు.

బరంపురం నుంచి:
టార్చి విషయంలో రాయగడ వారి మాట నిజమే, కానీ డిసెంబరు దాకా ఆగనక్కరలేదు. నమూనాను గట్టి పలకపై బిగించి, పలక మీద ఖాళీగా ఉన్న చోట అగరుబత్తి పుల్లను నిటారుగా, పైకి సరిగ్గా 50 మిల్లీమీటర్లు కనబడేలా గుచ్చండి. పుల్ల మొదలు నుంచి నమూనాకు ఉత్తరమయ్యే దిక్కుగా ఒక గీత గీసి, దానిపై 45 మిల్లీమీటర్ల దగ్గర గుర్తు పెట్టండి. ఏ రోజైనా, ఏ వేళనైనా పలకను ఎండలోకి తీసుకువెళ్లి, పుల్ల నీడ కొస ఆ గుర్తును తాకేదాకా పలకను తిప్పుతూ, వంచుతూ పోతే, అప్పుడు మీ నమూనాపై పడేది పర్లాకిమిడిలో డిసెంబరు 22 మధ్యాహ్నపు ఎండే. అదే గీతపై 17 మిల్లీమీటర్ల దగ్గర పెట్టిన గుర్తు మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజులకు పనికివస్తుంది. జూన్ 21కి మాత్రం నీడ దక్షిణానికి, నాలుగు మిల్లీమీటర్లే పడుతుంది, ఎందుకంటే ఆ రోజుల్లో మధ్యాహ్న సూర్యుడు మనకు నడినెత్తి దాటి కొద్దిగా ఉత్తరాన ఉంటాడు.

సిరోంచ నుంచి:
మాది ప్రాణహిత ఒడ్డున రేకుల ఇల్లు. ఏప్రిల్ వచ్చిందంటే లోపల కూర్చోలేము. ఇలాంటి అట్ట ఇల్లు ఒకటి కట్టి ఎండలో పెడితే, ఏ గది ఎంత వేడెక్కుతుందో కూడా తెలుస్తుందా?

బరంపురం నుంచి:
తెలియదండీ. వెలుతురూ నీడా కొలతతో పాటు చిన్నవవుతాయి గానీ వేడి అలా చిన్నదవదు. అట్ట ఎండను పట్టుకునే తీరు వేరు, రేకూ ఇటుకా పట్టుకునే తీరు వేరు. ఏ గోడపై, ఏ కిటికీలోంచి నేరుగా ఎండ పడుతోందన్నంత వరకు మాత్రం చూసుకోవచ్చు. మీ సిరోంచ, పర్లాకిమిడి ఇంచుమించు ఒకే అక్షాంశంపై ఉన్నాయి కాబట్టి పైన చెప్పిన నీడ కొలతలు మీకూ సరిపోతాయి.

పర్లాకిమిడి నుంచి:
ఈ ఉదయం తొమ్మిది గంటలకు మేడమీద పుల్లతో చూశాను. గీత ఇప్పుడు కదలకుండా నిలిచింది గానీ, నిలిచినది 83 మిల్లీమీటర్ల దగ్గర, అంటే దాదాపు 14 అడుగుల ఎత్తున. మూడుసార్లు చూసినా అంతే. లెక్క ప్రకారం 72 దగ్గర ఉండాలి కదా, మరి లెక్కే తప్పా?

బరంపురం నుంచి:
లెక్క సరిగ్గానే ఉంది. డిసెంబరు మధ్యాహ్నం మన దగ్గర ఎండ అడుగు ముందుకు జరిగేటప్పటికి సుమారు 1.1 అడుగులు కిందికి దిగుతుంది, కాబట్టి పది అడుగుల మండువా దాటేసరికి 11 అడుగులు దిగి, 23లో 12 మిగలాలి. మీ గీత 14 దగ్గర నిలిచిందంటే ఎండ దాటిన దూరం పది అడుగుల కన్నా తక్కువన్నమాట. మండువా లోపలి కొలతను ఉత్తర దక్షిణాలుగా స్కేలుతో కొలిచి చెప్పండి.

పర్లాకిమిడి నుంచి:
తూర్పు పడమరలు 60 మిల్లీమీటర్లు. ఉత్తర దక్షిణాలు 50. నాలుగు గోడలనూ 60 మిల్లీమీటర్లకే కోశానే!

బరంపురం నుంచి:
పొరపాటు జరిగింది అక్కడే. నాలుగు ముక్కలనూ ఒకే పొడవుకు కోసి, రెండింటిని మిగతా రెండింటి మధ్యకు దూర్చి అంటించారు. ఐదు పొరల అట్ట దాదాపు 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి రెండు వైపులా కలిపి పది మిల్లీమీటర్లు పోయాయి, అంటే అసలు ఇంట్లో 20 అంగుళాలు. ఈ కొలతలో ఆ మందం తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు ఇంచుమించు సరిపోతుంది, అందుకే ఈ అట్టనే వాడమంటాను. అయితే తూర్పు పడమర గోడల ముక్కలను 70కి కోసి, ఉత్తర దక్షిణపు ముక్కల కొసల మీదికి వచ్చేలా అతికించాలి. కోసేటప్పుడు బ్లేడును ఒక్కసారిగా నొక్కకుండా, తేలికగా మూడు నాలుగు సార్లు లాగండి. అంచున ముడతలు నలిగి చదునైతే బ్లేడు మొద్దుబారిందని గుర్తు, అలాంటి ముక్క మూలల్లో సరిగ్గా ఆనదు, ఆ సందులోంచి దూరే వెలుగు మిమ్మల్ని మళ్లీ మోసం చేస్తుంది.

ఇంకొక మాట. దక్షిణపు పై అంతస్తును అంటించవద్దు. విడి పెట్టెలా ఉంచితే అటూ ఇటూ జరిపి చూడవచ్చు, మీకు అసలు కావలసింది ఆ జరిపి చూడడమే.

పర్లాకిమిడి నుంచి:
గోడలు మార్చాక గీత 72 దగ్గరే పడింది, చాలా సంతోషం. కానీ ఆ గీత 12 అడుగుల ఎత్తునే ఆగిపోతోంది కాబట్టి చలికాలమంతా కింది గదులకు నేరుగా ఎండ రాదని తేలిపోయింది. పై అంతస్తును ఉత్తరం వైపుకు మార్చి, దక్షిణాన పిట్టగోడతో 13 అడుగులే ఉంచితే గీత రెండు అడుగుల దాకా దిగుతోంది. అయితే వాస్తు ప్రకారం దక్షిణమే ఎత్తుగా ఉండాలని మా మామగారు పట్టుబడుతున్నారు.

రాయగడ నుంచి:
అయితే మండువానే ఉత్తర దక్షిణాలుగా 14 అడుగులు చేయండి. పిట్టగోడకు బదులు కమ్మీల రెయిలింగు పెట్టినా కొంత కలిసివస్తుంది.

బరంపురం నుంచి:
పద్నాలుగు అడుగులు చేసినా గీత ఏడున్నర దగ్గరే ఆగుతుంది, పైగా వెనుక గదుల్లోంచి నాలుగు అడుగులు పోతాయి. కమ్మీల మాట బాగుంది. దక్షిణపు ఎత్తును వదలకుండానే, పై పెట్టెను మండువా అంచు నుంచి ఎనిమిది అడుగులు, అంటే 48 మిల్లీమీటర్లు, వెనక్కి జరిపి చూడండి. అప్పుడు ఎండ దాటే దూరం 18 అడుగులవుతుంది, గీత మూడు అడుగుల దగ్గరకు దిగాలి. ముందు మిగిలిన చోటు డాబా అవుతుంది.

ఎండతో పాటు, లోపల నిలబడ్డవారికి ఆ మండువా ఎలా అనిపిస్తుందో కూడా చూడాలి. పక్క గోడకు నేల నుంచి 30 మిల్లీమీటర్ల ఎత్తున, అంటే అయిదున్నర అడుగుల మనిషి కంటి మట్టంలో, చిన్న కన్నం చేసి ఒంటికన్నుతో చూడండి. పదడుగుల చదరంపై 23 అడుగుల గోడ లేస్తే బావిలోంచి పైకి చూసినట్టు ఉంటుంది. ఫోను కెమెరాతో చూడకండి, దాని లెన్సు చోటును ఉన్నదానికన్నా విశాలంగా చూపిస్తుంది. లోపలి గోడలకు తెల్ల కాగితం అంటించడం మరవవద్దు. సున్నం వేసిన గోడ తిప్పికొట్టే వెలుతురులో గోధుమరంగు అట్ట సగం కూడా తిప్పికొట్టదు, కింది గది ఉన్నదానికన్నా చీకటిగా కనబడి మీరు అనవసరంగా కిటికీలు పెంచుకుంటారు.

పర్లాకిమిడి నుంచి:
పై పెట్టె జరిపాను, గీత 19 మిల్లీమీటర్ల దగ్గర పడింది. మామగారిని పలక దగ్గరకు తీసుకువచ్చి చూపించాను. కన్నంలోంచి చాలాసేపు చూసి, దక్షిణం ఎత్తుగానే ఉంది కాబట్టి తనకు అభ్యంతరం లేదన్నారు. కానీ 22 అడుగుల లోతున్న దక్షిణపు భాగంలో మేడమీద 14 అడుగులే మిగులుతున్నందున గది చిన్నదైందని మా ఆవిడ అంటోంది. అయిదు అడుగులు వెనక్కి జరిపితే గీత ఆరున్నర దగ్గర ఆగుతోంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో ఇంట్లో ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి పెట్టెను అంటించకుండా అలాగే ఉంచాను.