రాగి మాల్ట్: షుగర్ ఉన్న మామగారికీ మూడేళ్ళ బాబుకూ ఒకే పిండి వాడవచ్చా?

గుంటూరు కోడలు: మా మామగారికి షుగర్ ఉంది. ఉదయం టిఫిన్ మానేసి రాగి మాల్ట్ తాగుతున్నారు. బెల్లం వేయకపోయినా తాగిన గంటకు మీటరులో 210 దాటుతోంది. రాగి సంకటి తిన్న రోజున అంత పెరగడం లేదు. రాగులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకలు వచ్చాక ఎండబెట్టి, సన్న సెగపై వేయించి మర పట్టించాను. బాబు కోసమని ఆ పిండిని పలుచని గుడ్డలో జల్లించాను. ఇద్దరికీ అదే వాడుతున్నాను. తేడా ఎక్కడ వస్తోందో తెలిసినవారు చెప్పగలరు.

నెల్లూరు రైతుబిడ్డ: రాగుల్లో పీచు ఎక్కువ కాబట్టి నెమ్మదిగా అరుగుతాయి, షుగర్‌ను పెంచవు. మీరు కలిపే పాల వల్లే పెరిగి ఉంటుంది. పాలు మానేసి నీళ్ళతో కాచి, కావాలంటే రెండు గ్లాసులు ఇవ్వండి.

పోషకాహార పాఠాలు చెప్పినావిడ: పీచు విషయంలో మీరు చెప్పింది నిజమే. వంద గ్రాముల రాగుల్లో సుమారు 11 గ్రాముల పీచు ఉంటుంది. అయితే అందులో ఎక్కువ భాగం పొట్టులో ఉంటుంది, గుడ్డలో జల్లించినప్పుడు అదే పోతుంది. ఇంకో కారణం మొలకల్లో ఉంది. గింజ మొలకెత్తేటప్పుడు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టే ఎంజైములు తయారవుతాయి. జావ మెల్లగా వేడెక్కుతున్నప్పుడు అవి ఇంకా చురుకుగా పనిచేస్తాయి. కనుక తాగేవారి పొట్టలోకి చేరేసరికే కొంత అరుగుదల గిన్నెలోనే జరిగిపోయి ఉంటుంది. నమలవలసిన ముద్దకూ గడగడా తాగేసే పలుచని జావకూ తేడా ఉండటంలో వింత లేదు.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక గిన్నెలో మామూలు రాగి పిండి, ఇంకో గిన్నెలో మీ మాల్ట్ పిండి, రెండేసి చెంచాలు ఒకే కొలత నీళ్ళలో కాచి చల్లారనివ్వండి. మామూలు పిండి గట్టిపడుతుంది, మాల్ట్ జారుడుగానే ఉంటుంది. మాల్ట్ కూడా అదే విధంగా గట్టిపడితే మొలకలు సరిగా రాలేదనో, వేయించడం ఎక్కువై ఎంజైములు చచ్చాయనో అనుకోవచ్చు.

ఈ పలుచదనం బాబుకు మేలే చేస్తుంది. చిన్నపిల్లల పొట్ట చిన్నది కాబట్టి, మాల్ట్‌తో అయితే ఎక్కువ పిండి వేసినా జావ మింగడానికి వీలుగా ఉంటుంది. మొలకెత్తడం వల్ల కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు కూడా తగ్గుతాయి. అందువల్ల ఆ పిండిని బాబుకు ఉంచండి. మామగారికి జల్లించని, మొలకెత్తించని పిండితో చిక్కగా కాచి మజ్జిగ కలపండి. ముప్ఫై గ్రాముల పిండిలోనే ఇరవై గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది కాబట్టి రెండు గ్లాసుల మాట మాత్రం వద్దు.

అనకాపల్లి వాసి: మా అమ్మగారు చోడి అంబలి తాగుతారు, షుగర్ బాగానే ఉంది. కానీ కిడ్నీ దెబ్బతిన్నాక డాక్టరు అంబలి తగ్గించమన్నారు. ఆమె వయసులో కాల్షియం కోసం తాగవచ్చు కదా అని అడుగుతున్నాను.

పోషకాహార పాఠాలు చెప్పినావిడ: ఈ చర్చలోని సలహాను మీ అమ్మగారికి వర్తింపజేయకండి. కిడ్నీ సమస్యలో పొటాషియం, ఫాస్ఫరస్ లెక్కలు వేరుగా ఉంటాయి. డాక్టరు మాటే పాటించండి. కాల్షియం విషయంలో కూడా అంచనా ఎక్కువగా ఉంటోంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉన్నా గ్లాసులో వేసేది ముప్ఫై గ్రాములే కనుక వచ్చేది నూరు చిల్లర. మూడేళ్ళ బాబుకు రోజుకు 500 కావాలి. గ్లాసు పాలు కలిపితే ఇంకో 240 వరకు అందుతుంది. బాబుకు పాలు మానిపించి రాగి జావ ఒక్కటే ఇస్తే ఆ లోటు పూడదు.

హైదరాబాద్ ఉద్యోగి: నాకూ షుగర్ ఉంది. మొలకెత్తిన రాగుల జావే తాగుతాను, గంటకు చూసినా ముప్ఫై నలభైకి మించి పెరగదు. కనుక మొలకలను పూర్తిగా తప్పుపట్టడం నాకు సబబుగా అనిపించడం లేదు. జావకు ముందు ఉడికించిన గుడ్డు తింటాను, అదేమైనా కారణమా?

పోషకాహార పాఠాలు చెప్పినావిడ: కావచ్చు. ముందుగా మాంసకృత్తులు తింటే గ్లూకోజు నెమ్మదిగా రక్తంలోకి వస్తుంది. మొలకెత్తిన రాగులు షుగర్‌ను పెంచుతాయా, తగ్గిస్తాయా అనే దానిపై పరిశోధనల ఫలితాలు ఒకే విధంగా లేవు. మొలకల వయసు, వేయించిన తీరు, జల్లించడం అన్నీ మారుతుంటాయి. ఒక రోజు గుడ్డు లేకుండా తాగి చూస్తే మీ విషయంలో తెలుస్తుంది.

గుంటూరు కోడలు: జల్లించని మామూలు పిండిని ముప్ఫై గ్రాములు తూచి, చిక్కగా కాచి మజ్జిగతో ఇచ్చాను. గంటకు 174, రెండు గంటలకు 151 వచ్చింది. మాత్రలు మార్చలేదు. ఆ రోజు పరగడుపున కూడా కొంచెం తక్కువగానే ఉంది కాబట్టి వారం పాటు రాసి డాక్టరుకు చూపిస్తాను. ఇంకొక్క సందేహం ఉంది. బాబు పిండిని జల్లించడం మానేస్తే పొట్టు గరుకుగా ఉండి నలక తగిలినట్టు ఉమ్మేస్తున్నాడు. జల్లించిన పిండిలో కాల్షియం ఎంత మిగులుతుందో ఎవరైనా చెప్పగలరా?