అప్‌డేట్: 10⁻⁴ ప్లేట్‌లో కాలనీలు ఎక్కువ రావడానికి కారణం దొరికింది

నా ప్రశ్న: "పచ్చి పాల శాంపిల్‌కి 10⁻³ ప్లేట్‌లో 212 కాలనీలు, 10⁻⁴లో 36. పదో వంతు ఎందుకు రాలేదు?"

అసలు తేడా శాంపిల్‌ని ఒక్కో మెట్టులో పదో వంతుకు పలచబరిచే ట్యూబుల్లోని సెలైన్‌లో ఉంది. ఆటోక్లేవ్ ఆవిరి ఒక్కసారిగా వదిలితే ద్రవం పొంగి, వదులు మూతల్లోంచి పోతుందట. అదే బ్యాచ్‌లో మిగిలిన ట్యూబులు కొలిస్తే ఒకదాంట్లో 9 మి.లీ.కి బదులు 5 మి.లీ. మాత్రమే ఉంది! దాంట్లో 1 మి.లీ. కలిపితే పలచబడేది ఆరో వంతుకే. 212ని 6తో భాగిస్తే 35, నాకొచ్చిన అంకె దాదాపు అదే.

ఈసారి స్టెరైల్ చేశాకే 9 మి.లీ. చొప్పున పోశాం. 10⁻³లో 208, 10⁻⁴లో 19 వచ్చాయి. 30 లోపు అంకె మీద నమ్మకం తక్కువ కాబట్టి 19ని వదిలేశాను. ప్లేట్ మీద వేసింది 0.1 మి.లీ.:

208 ÷ (0.1 × 10⁻³) = 2.08 × 10⁶

అంటే మి.లీ.కి సుమారు 21 లక్షల CFU.