ఆఫర్‌లో 30 వేల బోనస్ అని ఉంది, చేతికి వచ్చేది ఎంత?

కొత్తగా వచ్చినవాడు: జూలైలో చేరుతున్నాను. ఏడాదికి బోనస్ 30 వేలు. అందులో 40 శాతం వచ్చే మార్చిలో, మిగిలింది ఆ తర్వాత మూడేళ్లలో సమాన వాయిదాల్లో ఇస్తారట. లాభాల్లో వాటా వేరే. దీన్ని నమ్ముకుని కాస్త పెద్ద ఇల్లు అద్దెకు తీసుకోవచ్చా?

పాతకాపు: ఇంటి సంగతి తర్వాత తమ్ముడూ, ముందు మానేసే తేదీ గురించి విను. నేను ఫిబ్రవరి 20న రాజీనామా మెయిల్ కొట్టాను. బోనస్ మార్చి 15న పడాలి. నోటీసు మూడు నెలలు, రోజూ ఆఫీసుకు వెళ్తూనే ఉన్నాను కదా అని ధీమా. తీరా చూస్తే జీతం స్లిప్పులో సున్నా! హెచ్ఆర్ అమ్మాయి ప్లాన్ కాగితం తెరిచి ఒక్క వాక్యం చూపించింది: చెల్లింపు రోజున ఉద్యోగంలో ఉండాలి, నోటీసులో ఉండకూడదు. ఇంకో 25 రోజులు ఆగి ఉంటే ఆ మార్చి డబ్బైనా దక్కేది. తర్వాతి వాయిదాలు ఎలాగూ పోయేవే.

మరొకరు: బోనస్ మీద పన్ను రేటే ఎక్కువ. సగం పోయిందనుకో.

పేరోల్ అక్క: రేటు కాదండీ. పెద్ద మొత్తం ఒకే నెలలో పడేసరికి ఆ నెల కోత పెద్దదిగా కనిపిస్తుంది. చాలాచోట్ల ఏడాది లెక్క తేలాక ఎక్కువ పట్టుకున్నది తిరిగొస్తుంది.
ఇక అడిగినదానికి వస్తే, జూలైలో చేరితే సాధారణంగా మొదటి ఏడాదికి సగమే లెక్కేస్తారు, అంటే 15 వేలు. అందులో మొదటి మార్చిలో పడేది 6 వేలు, పన్నుకు ముందు. రెండో మార్చిలో కొత్త బోనస్‌లో 12, పాత వాయిదా 3 కలిపి 15, అలాగే మూడోసారి 21, నాలుగోసారి 27. పూర్తి 30 చూసేది ఐదో మార్చిలోనే. విచిత్రం ఏంటంటే, ఆ రోజు డబ్బు తీసుకుని మానేసినా ఇంకా రావాల్సిన 36 వేలు వదులుకోవాలి. లాభాల్లో వాటా ఖాతాలు మూసి, బోర్డు ఒప్పుకున్నాక తేలేది. అద్దె జీతంతోనే సరిపోవాలి.

పాతకాపు: ఆ 36 కొత్త కంపెనీ ఇస్తుంది. గట్టిగా అడగాలంతే.

పేరోల్ అక్క: కొందరికి ఇస్తారు. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమని షరతు కూడా పెడతారు.

మరొకరు: మనం మానేయకుండా కంపెనీయే తీసేస్తే?

పాతకాపు: అన్నీ ఒకేసారి ఇచ్చి తీరాలి. రూల్ అది.

పేరోల్ అక్క: అలాంటి రూల్ అన్నిచోట్లా లేదు. కొన్ని ప్లాన్లలో పాత తేదీలకే వాయిదాలు పడతాయి. మా పాత ఆఫీసు ప్లాన్‌లో అయితే మొత్తం రద్దు. కాగితంలో 'గుడ్ లీవర్' అనే మాట వెతకండి, అంటే తన తప్పు లేకుండా ఉద్యోగం పోయినవాళ్లకు వాయిదాలు దక్కే షరతు.

పాతకాపు: మావాడికి ఒకేసారి ఇచ్చారు మరి!

కొత్తగా వచ్చినవాడు: ప్లాన్ కాగితం అడిగానక్కా. చేరాక ఇస్తామంటున్నారు.

పేరోల్ అక్క: సంతకం సోమవారం కదా? ఆలోపు ఇంకోసారి మెయిల్ పెట్టండి.