దూద్‌బౌలి, పుత్లీబౌలి... ఈ ‘బౌలి’ మన ‘బావి’ నుంచే వచ్చిందా?

ప్రశ్న: విద్యార్థిని, ఎంఏ చరిత్ర ఆఖరి సంవత్సరం, హైదరాబాద్

అందరికీ నమస్కారం. లఘు పరిశోధనకు పర్యవేక్షకులుగా ఉండమని అడుగుతూ ఒక ప్రొఫెసర్ గారికి మెయిల్ రాస్తున్నాను. ఆమె మా డిపార్ట్‌మెంట్ కాదు, నన్ను ఎప్పుడూ చూడలేదు. అందుకే మొదటి మెయిల్‌లోనే తప్పు దొర్లితే ఎలా అని టెన్షన్‌గా ఉంది. అసలు భాగం ఇది:

“నగర వారసత్వంపై పరిశోధన చేయాలని నా కోరిక. ‘బౌలి’ అనే ఉర్దూ మాట తెలుగు ‘బావి’ నుంచి వచ్చింది. కాబట్టి బౌలి పేరున్న ప్రతి పేటలోనూ ఒకప్పుడు మెట్ల బావి ఉండేది. మరుగున పడిన ఆ బావులను వెలికితీయడమే నా ఉద్దేశం. మీ పర్యవేక్షణలో చేయడానికి అనుమతించగలరు.”

నా సందేహం రెండో వాక్యం మీద. బౌలి బావి నుంచే వచ్చిందని ధైర్యంగా రాయవచ్చా?

విజయవాడ నుంచి ఒకరు

మెయిల్ ఎప్పుడూ “గౌరవనీయులైన ఆచార్యుల వారికి” అని మొదలుపెట్టాలి. సబ్జెక్ట్ లైన్ ఖాళీగా వదలకూడదు. మీ రోల్ నంబరు, ఫోన్ నంబరు చివర ఇవ్వండి. మార్కుల జాబితా కూడా జత చేస్తే మంచిది.

విద్యార్థిని

థాంక్యూ అండీ, అవన్నీ పెట్టాను. నేను అడిగింది బౌలి మాట గురించి.

అంబర్‌పేట, రిటైర్డ్ తెలుగు లెక్చరర్

ఆ వాక్యం అలాగే పంపకమ్మా. సగం నిజమే ఉంది అందులో. బావికీ బౌలికీ చుట్టరికం ఉంది కానీ తల్లీబిడ్డల వరస కాదు, అక్కచెల్లెళ్ల వరస. రెండింటికీ మూలం సంస్కృతంలోని ‘వాపి’. బడిలో ప్రకృతి–వికృతుల్లో చదువుకున్నదే: వాపి, బావి. దీపం దివ్వె అయినప్పుడు ‘ప’ ఎలా ‘వ’గా మారిందో, ఇక్కడా అలాగే మారింది. మొదటి ‘వ’ కాస్తా ‘బ’ అయింది. ఉత్తరాదిన అదే వాపి బావ్‌డీ, బావ్‌లీ అయింది. గుజరాతీలో అయితే ‘వావ్’ దగ్గరే ఆగింది. పాటన్‌లోని రాణీ కీ వావ్ పేరు వినే ఉంటావు, 2014లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. దక్కన్‌కు వచ్చిన ఆ బావ్‌లీని మనం బోర్డుల మీద బౌలి అని రాసుకున్నాం.

అచ్చ తెలుగు మాట కావాలంటే అది నుయ్యి. “ముందు నుయ్యి, వెనుక గొయ్యి” అన్నప్పుడు మన నోట వచ్చేది ఆ మాటే.

సిద్దిపేట నుంచి ఒకరు

మా దిక్కు నుయ్యి అనరు సార్, బాయి అంటరు. మా అమ్మమ్మ పొద్దుగాల్నే “బాయికాడికి పోతున్న” అనేది. అంటే నీళ్లకు పోతున్నదని కాదు, పొలానికి పోతున్నదని. మాకు బాయి అంటే పొలమే. అందులో మెట్లు ఉండేవి కావు. ఎద్దులు మోట గుంజుకుంటూ దిగడానికి వాలుగా ఒక బాట ఉండేది. తాగే నీళ్లకు చేదబాయి వేరే. మరి హైదరాబాద్‌ల బౌలి అంటే మెట్ల బాయే అని ఎట్ల చెప్తరు? అది తోటకు నీళ్లు పెట్టే మోట బాయి కూడా అయ్యుండొచ్చు కద.

సికింద్రాబాద్, పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్న ఆర్కిటెక్ట్

సిద్దిపేట నుంచి రాసినవారు అసలు చిక్కుముడి పట్టుకున్నారు. ప్రొఫెసర్ గారు మీ మెయిల్‌లో ఆగేది రెండో వాక్యం దగ్గర కాదు, మూడో వాక్యం దగ్గర. “కాబట్టి” అన్నారు చూడండి, అక్కడ. పేరులో బౌలి ఉంటే బావి ఉండి ఉండొచ్చు. మెట్ల బావి ఉండేదని మాత్రం ఆ పేరు చెప్పదు. దక్కనీలో మామూలు బావినీ బావ్‌లీ, బావ్‌డీ అంటారు.

ఇది రెండో వైపు నుంచి కూడా చూడండి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో చక్కటి మెట్ల బావి ఉంది. ఏళ్ల తరబడి చెత్తతో పూడి ఉన్నదాన్ని శుభ్రం చేసి 2022 డిసెంబరులో తెరిచారు. మరి ఆ పేట పేరులో బౌలి ఏది? బన్సీలాల్ అన్నది దాత పేరు. అంతకుముందు ఆ చోటును నాగన్నకుంట అనేవారు. అంటే పాత పేరులో ఉన్నది కుంట, కట్టడమేమో మెట్ల బావి, ఇప్పటి పేరులో ఆ రెండూ లేవు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఉన్న బడీ బావోలీ పేరు, నాకు తెలిసి, ఏ పేటకూ పెట్టలేదు. 2013 వానలకు దాని గోడ కొంత కూలితే మళ్లీ కట్టారు. గోల్కొండ బావోలీల పనికి 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. బావి నిలిచిన చోట పేరు లేదు, పేరు నిలిచిన చోట బావి కనబడదు. మీ పరిశోధన ప్రశ్న ఇక్కడే ఉందని నాకనిపిస్తోంది.

కూకట్‌పల్లి నుంచి ఒకరు

గచ్చిబౌలిని వదలకండి, అందరికీ తెలిసిన పేరు. గచ్చుతో కట్టిన బావి కాబట్టి గచ్చిబౌలి. అలాగే బోయినపల్లి కూడా చేర్చండి, ఇంగ్లీషులో రాసినప్పుడు అందులోనూ బౌ వస్తుంది.

అంబర్‌పేట లెక్చరర్

బోయినపల్లికీ బావికీ సంబంధం లేదు బాబూ. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి పోల్చకూడదు, మనుషులు ఎలా పలుకుతారో వినాలి. ఈ పొరపాటు పరిశోధనల్లోనూ చూశాను.

గచ్చు ఫారసీ ‘గచ్’ నుంచి వచ్చిన మాటే, సున్నపు గార అని. అర్థం పొసగుతోంది. అయితే అర్థం పొసగడం వేరు, సాక్ష్యం దొరకడం వేరు. ఆ బావి గురించి శాసనమో పాత కాగితమో ఎవరైనా చూపిస్తే ఒప్పుకుంటాను.

కూకట్‌పల్లి నుంచి

గారతో కట్టిన బావికి గచ్చు బావి అని కాక ఇంకేమంటారు సార్? ప్రతిదానికీ శాసనం కావాలంటే సగం ఊళ్ల పేర్లకు అర్థం చెప్పలేం.

విద్యార్థిని

చాలా మంచి మాటలు చెప్పారు. ఒక విషయం చెప్పాలి. పోయిన నెల పాతబస్తీలో ఒక సందులో తిరుగుతుంటే ఒక ఇంటి గడప ముందు మెట్టుగా వేసిన నల్లరాయి కనబడింది. దాని అంచు పొడుగునా వేలు పట్టేంత గాడులు, నాలుగైదు, నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఇంటావిడ “అది బావి రాయి బేటీ, తాడు రాపిడికి అరిగింది” అన్నారు. బావి ఎక్కడ అని అడిగితే పక్కింటి గేటు వైపు చూపించారు. అక్కడ స్కూటర్లు పెట్టి ఉన్నాయి. ఆ గాడులు చూశాకే ఈ అంశం పట్టుకున్నాను. మరి ఇలాంటి చోట బావి ఉండేదని ఎలా రుజువు చేయాలి?

సికింద్రాబాద్ ఆర్కిటెక్ట్

ఆ రాయి మీ మెయిల్‌లో ఉండాలి! దాన్ని వదిలేసి “మరుగున పడిన” అని రాశారేమిటి?

ఇప్పుడు రుజువు సంగతి. 1908 మూసీ వరద తర్వాత, 1910 దశకంలో, లియోనార్డ్ మన్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో నగరానికి వివరమైన మునిసిపల్ పటాలు తయారయ్యాయి. వాటిలో ఇళ్లు, సందులు, బావులు కనిపిస్తాయి. మీరు తీసుకున్న పేట షీటులో ప్రతి బావినీ గుర్తించండి. చేదబావి గుండ్రంగానో చదరంగానో చిన్న గుర్తుగా ఉంటుంది. ఒక వైపు పొడుగ్గా సాగి, అడ్డగీతలు దగ్గరదగ్గరగా ఉంటే మెట్లని అనుమానించవచ్చు. పొడుగు సాగి గీతలు లేకపోతే మోట బాట కావచ్చు. అనుమానించవచ్చు అనే అంటున్నాను, పటం ఒక్కటే చాలదు.

తర్వాత ఆ షీటును ఇవాళ్టి పటం మీద పరచండి. మసీదు మూల, గుడి గోపురం, పాత కమాను లాంటి కదలని గుర్తులు కనీసం నాలుగు పట్టుకుని సరిపెట్టాలి. రోడ్డు అంచులు పట్టుకుంటే మోసపోతారు, రోడ్లు వెడల్పు చేసి ఉంటారు. సరిపోయిన చోటికి నడిచి వెళ్లండి. పూడ్చిన బావి మీద నేల వానాకాలంలో కుంగుతుంది, ఎన్నిసార్లు సిమెంటు పోసినా అక్కడే పగులుతుంది. ఇరుగుపొరుగును అడిగితే “అక్కడ గోడ నిలవదు” అంటారు. చివరగా, పేట అంటే పెద్ద చోటు. దాని షీటులో ఇరవై బావులు కనిపిస్తే పేరు తెచ్చినది ఏదో చెప్పలేకపోవచ్చు. అది కూడా ఫలితమే, దాచకండి.

గచ్చిబౌలి వద్దు. అప్పట్లో అది ఊరి బయట, నగర పటాల్లో దొరకదు. నగరంలో మూడు పేర్లు చాలు: దూద్‌బౌలి, హరిబౌలి, పుత్లీబౌలి. ఒక సెమిస్టర్‌లో అంతకంటే కాదు.

నల్లకుంట నుంచి, పీహెచ్‌డీ చేస్తున్నవారు

నా అనుభవం చెప్తాను. నేను రాసిన మొదటి మెయిల్‌కు రెండు నెలలు జవాబే లేదు. “తెలంగాణ సంస్కృతిపై ఆసక్తి ఉంది” అని రాశాను. ఇంకొకరికి రాసినప్పుడు ఒకే ఒక ప్రశ్న, నేను అప్పటికే చూసిన రెండు దస్తావేజుల సంగతి రాశాను. మూడో రోజు రమ్మన్నారు.

ఇంకొకటి, ‘అనుమతించగలరు’ తీసేయండి. “గమనించగలరు” అని ఆఫీసు నోటీసులో ఉంటుంది. అడుగుతున్నట్టు లేదు, తాఖీదు ఇచ్చినట్టుంది.

అంబర్‌పేట లెక్చరర్

‘గలరు’ మీద నాకు అంత పట్టింపు లేదు, మర్యాదగా వాడుకలో స్థిరపడిపోయింది. ‘పర్యవేక్షణ’ మీద మాత్రం ఎప్పుడూ మనసు ఒప్పదు. కూలీల మీద మేస్త్రీ చేసేది పర్యవేక్షణ. ‘మార్గదర్శకత్వం’ అనాలి.

నల్లకుంట నుంచి

సిద్ధాంత గ్రంథాల మొదటి పేజీలో “పర్యవేక్షకులు” అనే అచ్చువేస్తున్నారు కదా సార్. దారి చూపడమే కాదు, చివర సంతకం పెట్టే బాధ్యత కూడా ఆ మాటలో ఉంది.

విద్యార్థిని

ఇద్దరి మాటా సబబుగానే ఉంది. ఆ సంతకం అడగడానికే రాస్తున్నాను కాబట్టి పర్యవేక్షణే ఉంచాను. మారిన భాగం చూడండి:

“పాతబస్తీలో ఒక ఇంటి ముందు మెట్టుగా వేసిన బావి రాయిని చూశాను, దాని మీద తాడు గాడులు ఉన్నాయి. బావి ఇప్పుడు లేదు. బౌలి అని ముగిసే పేట పేర్లు ఎలాంటి బావిని గుర్తుపెట్టుకున్నాయి: మెట్ల బావినా, మోట బావినా, చేదబావినా? దూద్‌బౌలి, హరిబౌలి, పుత్లీబౌలి, ఈ మూడు చోట్లకే పరిమితమై, 1910 దశకపు మునిసిపల్ పటాలను ఇవాళ్టి నేలతో, పాత నివాసుల మాటలతో పోల్చి చూడాలని ఉంది. పేరుకూ కట్టడానికీ పొంతన కుదరని చోట కుదరలేదనే రాస్తాను. దీనికి మీరు పర్యవేక్షకులుగా ఉండటానికి అంగీకరిస్తారా? మీరు చెప్పిన రోజు పటం నకలు, రాయి ఫొటో తీసుకుని వచ్చి కలుస్తాను.”

సిద్దిపేట నుంచి

బాగుంది చెల్లె. ఒక్కటి అడుగుత. ఆ ఇంటామె బావి అన్నదా, బాయి అన్నదా, బౌలి అన్నదా?

విద్యార్థిని

నేను ‘బావి రాయి’ అని రాసుకొచ్చాను అన్నా. ఆమె నోట ఏ మాట వచ్చిందో గుర్తు లేదు. ఆదివారం మళ్లీ వెళ్తున్నాను, ఈసారి అన్నది అన్నట్టే రాసుకుంటాను.