బరువు కదలడం లేదు, మిగతావి మారుతున్నాయి. దేన్ని నమ్మాలి?

వెన్నెల:
బరువులెత్తే వ్యాయామం, నడక మొదలుపెట్టి రెండు నెలలు దాటింది. కాటా మాత్రం 74 కిలోల దగ్గరే ఉంది. నడుము 96 సెంటీమీటర్ల నుంచి 92కి వచ్చింది. ఆరో వారంలో చేయించిన రక్తపరీక్షలో రక్తంలోని కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు 212 నుంచి 148కి తగ్గాయి, రెండు మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 6.1 నుంచి 6.0. మెట్లెక్కుతుంటే ముందులా ఆయాసం రావడం లేదు. వీటిలో నిజమైన మార్పు ఏది, నా భ్రమ ఏది?

పాత సైకిల్:
మీ కొవ్వంతా కండగా మారుతోందండీ, అందుకే బరువు తగ్గట్లేదు. కాటాని అటకెక్కించేయండి. ప్యాంటు వదులైందా లేదా, అంతే చూసుకోండి.

ల్యాబ్ మనిషి:
సైకిల్ గారూ, కొవ్వు కండగా మారదు. ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరగొచ్చు, అది వేరే సంగతి. రెండు నెలల్లో పెరిగే కండ కూడా కొంచెమే. కొత్తగా బరువులెత్తేవాళ్ల కండరాలు చక్కెరని గ్లైకోజెన్ రూపంలో ఎక్కువగా దాచుకుంటాయి, దాంతోపాటే నీళ్లూ పట్టి ఉంచుతాయి. ఒక గ్రాము గ్లైకోజెన్‌కి దాదాపు మూడు గ్రాముల నీళ్లు. కొవ్వు కొంత తగ్గినా కాటా మీద కనిపించకపోవడానికి ఇదొక కారణం.
ఇక ప్యాంటు సంగతి. సాగే గుడ్డయితే రెండుసార్లు తొడిగేసరికి దానంతటదే వదులవుతుంది. సాగని ప్యాంటు ఒకటి పక్కన పెట్టుకుని, ఉతికిన వెంటనే వేసుకుని చూడాలి.
వెన్నెల గారూ, నడుము ఎక్కడ కొలిచారు?

వెన్నెల:
రెండుసార్లూ బొడ్డు మీదుగానే, పొద్దున్నే ఏమీ తినకముందు. టేపు ఎంత బిగించానో మాత్రం గుర్తులేదు.

అర్ధరాత్రి దీపం:
మా అన్నయ్య రాత్రి భోజనం మానేసి ఒక్క నెలలో బాగా తగ్గాడు. మీరూ ప్రయత్నించండి, కాటా కదలకపోతే అడగండి.

వెన్నెల:
తగ్గడం ఎలా అని కాదండీ నేను అడిగింది. తగ్గిందో లేదో ఎలా తెలుసుకోవాలని.

ల్యాబ్ మనిషి:
పొట్ట తగ్గేకొద్దీ బొడ్డు కిందికో పైకో జరగొచ్చు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడిమధ్యన కొలిస్తే ఆ తేడా రాదు. ఊపిరి మామూలుగా వదిలాక, టేపు చర్మానికి ఆనాలి కానీ నొక్కకూడదు. అలాగని ఇప్పుడు చోటు మారిస్తే పాత అంకెతో పోల్చలేరు కాబట్టి కొన్నాళ్లు రెండు చోట్లా రాసుకోండి. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే కొలతలో తేడా అనుకోవచ్చు. నాలుగంటే నేను నమ్ముతాను.
హెచ్‌బీఏ1సీలో 0.1 తేడా అసలు తేడానే కాదు. అదే రక్తం మళ్లీ పెట్టినా అంత మారొచ్చు. ఆ పరీక్ష చూసేది ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరని. ఆ కణాలు నాలుగు నెలల దాకా బతుకుతాయి, ఆరో వారంలో మీ ఒంట్లో పాత కణాలే ఎక్కువ. మూడు నెలలు నిండాక చేయించాల్సింది. ట్రైగ్లిజరైడ్లు కొన్ని వారాల్లోనే స్పందిస్తాయి కానీ రోజుకొకలా ఊగుతాయి. రెండుసార్లూ ఒకేలా పరగడుపునే ఇచ్చారా? వేరే మందులేమైనా వాడుతున్నారా?

వెన్నెల:
పరగడుపునే, రెండుసార్లూ పన్నెండు గంటలు. మందులంటే, వ్యాయామం మొదలెట్టిన వారమే హిమోగ్లోబిన్ 9.8 ఉందని డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాశారు. దీనికీ దానికీ సంబంధం ఉంటుందనుకోలేదు.

ల్యాబ్ మనిషి:
ఉంది, పైగా పెద్దదే. ఐరన్ లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ అసలు కంటే ఎక్కువ చూపించొచ్చు. మాత్రలతో కొత్త కణాలు పుడుతుంటే చక్కెర మారకపోయినా ఆ అంకె దిగుతుంది. మూడు నెలలకి 5.8 వచ్చినా అది వ్యాయామం వల్లేనని చెప్పలేం. మీ డాక్టరుతో ఐరన్ సంగతి చెప్పి, పరగడుపు గ్లూకోజ్ కూడా చూడమనండి. ఆయాసం తగ్గడానికీ రక్తం పెరగడమే కారణం కావొచ్చు.

పాత సైకిల్:
అంటే ఓపిక పెరిగింది కూడా లెక్కలోకి రాదంటారా? ఇది మరీ అన్యాయం.

ల్యాబ్ మనిషి:
వస్తుంది, ఎవరి ఖాతాలో వేయాలో తెలియదంతే. నాకు గట్టిగా కనిపిస్తున్నవి నడుము, ట్రైగ్లిజరైడ్లు. అవి కూడా ఇంకోసారి అలాగే వస్తేనే.

నిద్రలేమి:
నేనైతే ఒప్పుకోను. నాకు రక్తం బాగానే ఉంది, బరువు అంతే ఉంది, అయినా వ్యాయామం మొదలెట్టాక ఆయాసం తగ్గింది. ఎత్తే బరువు ఎంత పెరిగిందో వెన్నెల గారు చెప్పలేదు, అది చూడాలి కదా.

వెన్నెల:
మొదట్లో మూడు కిలోల డంబెల్‌తో ఎనిమిదిసార్లు ఎత్తేసరికి చేతులు వణికేవి. ఇప్పుడు ఐదు కిలోలతో పన్నెండు. అదీ ఐరన్ వల్లేనా?

ల్యాబ్ మనిషి:
కొంత ఉండొచ్చు. కానీ ఐరన్ ఒక్కదాని వల్లే అంత మార్పు రాదనుకుంటాను. ఇంకో మాట, కాళ్లలో వాపు గానీ, నొక్కితే గుంట పడటం గానీ ఉందా? ఉంటే బరువు తగ్గకపోవడాన్ని వ్యాయామపు నీరు అనుకోకుండా డాక్టరుకి చూపించండి.

వెన్నెల:
వాపు లేదు. రక్తపరీక్ష పదమూడో వారంలో, పరగడుపు గ్లూకోజ్‌తో కలిపి చేయిస్తాను. నడుము ఎన్నాళ్లకోసారి కొలవాలి?

నిద్రలేమి:
రోజూ కొలిచి టెన్షన్ పడకండి. నెలసరికి ముందు నాకు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. నెలలో ఒకే దశలో కొలుస్తాను, నాకు అదే సరిపోయింది.